ఆ ఫొటో ఏ నెలది? ఒక ఆవకాయ అమ్మకందారు కేసు

ఇంట్లో చేసిన తినుబండారాలు ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్ళకి ఫొటోలు తీసిపెట్టడం, సరుకు వివరాలు రాసిపెట్టడం నా పని. గోదావరి జిల్లాల్లో ఈ పని ఎక్కువగా పూతరేకులు, కాజాలు, పొడులు, పచ్చళ్ళ చుట్టూ తిరుగుతుంది. వీటిలో పచ్చళ్ళ ఫొటోలే అన్నిటికంటే కష్టం. ఎందుకో ఈ కేసు చూస్తే తెలుస్తుంది. కోనసీమలో ఒకావిడ అనుమతితో దీన్ని రాస్తున్నాను. పేరు మార్చాను, ఊరూ అమ్మే సైటూ చెప్పడం లేదు. ఇక్కడ ఆవిడని సత్యవతిగారు అందాం.

సత్యవతిగారిది కాలవ గట్టు పక్కన పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరితోట. ఏటా ఏప్రిల్ నెలాఖరు నుంచి మే మధ్య దాకా కాయ దొరికే రోజుల్లో ఆవకాయ పెట్టేస్తారు. పుల్లటి, పీచున్న గట్టి కాయ తెప్పించి, టెంకతో ముక్కలు కొట్టించి, జీడి తీసి గుడ్డతో తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, వెల్లుల్లి, పప్పునూనెతో కలుపుతారు. మూడో రోజు తిరగకలిపి జాడీలకెత్తి వాసెన కడతారు. ఏడాది పొడుగునా ఆర్డరు వచ్చినప్పుడల్లా ఆ జాడీల్లోంచే సీసాల్లోకి తీసి పంపుతారు. అంటే తయారీ ఏడాదికి ఒక్కసారి, అమ్మకం పన్నెండు నెలలు. ఈ కేసంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోలు ఆవిడ కొడుకు తీసినవి. తిరగకలిపిన రోజు సాయంత్రం, పెద్ద బేసిన్‌లో, నూనె పైకి తేలి ఎర్రగా మెరుస్తున్నప్పుడు తీశాడు. ఫొటోలో అబద్ధం ఏమీ లేదు. ఆ రోజు ఆ పచ్చడి అలాగే ఉంది.

వచ్చిన సమస్య

నవంబరులో ఒక్క చుక్కతో ఒక రివ్యూ వచ్చింది. దాని సారం ఇది: ఫొటోలో ఎర్రగా నిగనిగలాడుతోంది, వచ్చింది నల్లగా ఉంది. నూనె అడుగంటిపోయింది. ముక్కలు ఫొటోలో ఉన్నంత లేవు. పాత సరుకు అంటగట్టారు, ఇది మోసం. కింద కొన్నాయన తీసిన ఫొటో కూడా ఉంది. రాత్రిపూట వంటింటి గట్టు మీద సీసా మూత తీసి తీసినట్టుంది.

సత్యవతిగారు నాకు ఫోన్ చేసింది ఫొటోల కోసం కాదు, ఆ రివ్యూ తీయించే దారేమైనా ఉందా అని. "పాత సరుకేంటండీ? ఆవకాయ ఊరితేనే కదండీ రుచి! కొత్తావకాయలో ముక్క పచ్చిపచ్చిగా ఉంటుందండి. ఆ మాత్రం తెలీకుండా మోసమంటాడా?" ఆవిడకి కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. ముప్పయ్యేళ్ళుగా చుట్టాలకీ ఊళ్ళోవాళ్ళకీ ఆవకాయ పెట్టిన చెయ్యి అది. ఆ మాట ఎవరూ అనలేదు ఎప్పుడూ.

రివ్యూని రెండుమూడుసార్లు చదివాక నాకు కనిపించింది ఏమిటంటే, ఆయన రుచి గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఉప్పెక్కువైందనో, బూజు పట్టిందనో, వాసన వచ్చిందనో అనలేదు. రంగు, నూనె, ముక్క సైజు, "పాత" అన్న అనుమానం. నాలుగూ కంటితో చూసినవే, నాలుగూ ఫొటోతో పోల్చి అన్నవే. అందుకని రివ్యూ తీయించే ఆలోచన పక్కనపెట్టి, ముందు ఆయన అన్నది నిజమో కాదో చూద్దాం అన్నాను.

ఆ వారం పంపడానికి కట్టిన సీసాల్లోంచి ఒకటి తీసుకుని, మూత తీసి, లిస్టింగులో ఉన్న ఫొటో ఫోన్‌లో పెట్టి పక్కపక్కన ఉంచాం. రెండూ ఒక ఇంటి పచ్చడే అంటే తెలియనివాళ్ళు నమ్మరు. సత్యవతిగారు చాలాసేపు మాట్లాడలేదు.

ఎందుకలా అయింది

రంగు సంగతి వంటింట్లో అందరికీ తెలిసిందే. కారంలో ఉన్న ఎరుపు గాలికి, వెలుతురికి మెల్లగా వెలుస్తుంది. ముక్క పైన చెక్కు, లోపల కండ ముదురు రంగుకి తిరుగుతాయి. ఆవపిండి, మెంతుల రంగు కూడా దానికి తోడవుతుంది. మే నెలలో మందారంలా ఉన్నది దసరా దాటేసరికి ఇటుక రంగు దాటి గోధుమలోకి వస్తుంది. నూనె కూడా ఎక్కడికీ పోలేదు. ముక్కా, ఆవపిండీ పీల్చుకున్నాయి. ఊరిన ఆవకాయ అంటే అదే. కానీ ఫొటో మాత్రం పీల్చుకోకముందుది.

ముక్క సైజు దగ్గర కారణం వేరు. ఆ ఫొటో ఫోన్‌ని బేసిన్‌కి జానెడు దూరంలో పెట్టి, మామూలు లెన్స్‌తో తీసింది. ఫోన్‌లో మామూలుగా వాడే లెన్స్ కాస్త వెడల్పాటి దృశ్యాన్ని పట్టేది. దాన్ని అంత దగ్గరికి తీసుకెళ్తే ముందున్న వస్తువు పెద్దదిగా, వెనకున్నది చిన్నదిగా కనిపిస్తుంది. ముందున్న రెండు ముక్కలు అరచేతంత కనిపించాయి. పక్కన గరిటో చెంచానో ఏదీ లేదు కాబట్టి చూసేవాడికి కొలత కూడా లేదు.

ఇక్కడ సత్యవతిగారు ఒక అభ్యంతరం చెప్పారు, అందులో న్యాయముంది. కొన్నాయన ఫొటో రాత్రి పసుపు బల్బు కింద తీశాడు, అందుకే మరీ నల్లగా వచ్చింది, ఆ మాట రాద్దామన్నారు. బల్బు వల్ల కొంత తేడా ఉన్న మాట నిజమే. కానీ పార్సిల్ విప్పేది ఎప్పుడు? చాలామంది ఉద్యోగం నుంచి వచ్చాక, రాత్రిపూట, వంటింటి లైటు కిందే విప్పుతారు. కొన్నవాడు పచ్చడిని మొదటిసారి చూసే వెలుతురు అది. దాన్ని తప్పు పట్టి లాభం లేదు, లెక్కలోకి తీసుకోవాలి. తర్వాత కొత్త ఫొటోలని సరిచూసేటప్పుడు ఈ ఆలోచనే పనికొచ్చింది.

చేసి చూసినవి, కుదరనివి

మొదట కొడుకు పాత ఫొటోనే ఎడిట్ చేశాడు. ఎరుపు తగ్గించి, కాస్త ముదురు చేశాడు. రంగు దగ్గరకొచ్చినట్టే అనిపించింది కానీ నూనె మీది మెరుపులు బూడిద రంగుకి తిరిగి, పచ్చడి బురదలా కనిపించింది. అసలు సంగతి ఏమిటంటే ఎడిటింగ్‌తో రంగు మారుతుంది, తేలిన నూనె ముక్కలోకి ఇంకదు. ఆరు నెలల వయసు ఫొటో మీద పుయ్యడం కుదిరే పని కాదు.

తర్వాత ఆవిడే ఒక దారి ఆలోచించారు. ఫొటోని పచ్చడిలా మార్చలేకపోతే పచ్చడినే ఫొటోలా మారుద్దామని. సీసాల్లోకి ఎత్తేటప్పుడు పైన కొత్త పప్పునూనె పోశారు. ఇందులో తప్పేమీ లేదు, పచ్చడి పొడిబారితే మన ఇళ్ళల్లో నూనె కలపడం మామూలే. కానీ సీసా అంచు దాకా నూనె ఉంటే లారీలో పడుకోబెట్టిన పార్సిల్ కారకుండా ఉండదు. రెండు పార్సిళ్ళు అట్టపెట్టె తడిసి చేరాయి. పైగా పైన బంగారు రంగు నూనె, కింద ముదురు పచ్చడి, రెండు పొరలుగా కనిపించి, ఇంకా అనుమానంగా అనిపించింది. అది వెంటనే ఆపించాను. సరుకుని ఫొటోకి సరిపెట్టడం మొదలుపెడితే రేపు రంగు కూడా కలపాలనిపిస్తుంది.

మూడోది, దగ్గర్లోని టౌనులో పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే ఒకాయనతో తీయించడం. పనితనం ఉన్న మనిషి. అరిటాకు, ఇత్తడి గిన్నె, పచ్చి మామిడికాయలు, ఎండుమిరపకాయలు పరిచి, రెండు వైపులా ఫ్లాష్ లైట్లు పెట్టి, పచ్చడి పైన బ్రష్‌తో నూనె రాసి తీశాడు. ఫొటోలు చూస్తే నోరూరుతుంది. వాటిని కొన్నాళ్ళు పెట్టి చూశాం. కొనేముందు అడిగే ప్రశ్నలు ఏం వస్తున్నాయో గమనించమని సత్యవతిగారికి చెప్పాను. "ఫొటోలో ఉన్నట్టే నూనె తేలి ఉంటుందా?", "ఇంత ఎర్రగా ఉందంటే కొత్తదేనా?" అని అడగడం మొదలైంది. రివ్యూలో ఆయన కొన్నాక అన్న మాటే వీళ్ళు కొనకముందు అడుగుతున్నారు. అంటే ఫొటో అందంగా మారింది గానీ అది పెట్టే ఆశ మారలేదు. ఈ గుర్తు నాకు చాలా నమ్మకమైనది. ఫొటో పెట్టాక ఒకే ప్రశ్న ఇద్దరుముగ్గురు అడిగారంటే, ఆ ఫొటో ఆ విషయంలో తప్పుదారి పట్టిస్తోందనో, ఏమీ చెప్పడం లేదనో అర్థం.

అప్పుడు మేమే తీద్దాం అనుకున్నాం. మొదటి ప్రయత్నం పెరట్లో, కొబ్బరిచెట్ల నీడన. ఎండ నేరుగా పడదు, వెలుతురు ధారాళంగా ఉంటుంది, ఎవరికైనా మొదట తోచే చోటు అదే. కానీ డెల్టాలో ఈ చోటే దెబ్బతీస్తుంది. కొబ్బరాకుల గుండా దిగిన వెలుతురు, కింద గడ్డి మీంచి లేచిన వెలుతురు రెండూ ఆకుపచ్చగా ఉంటాయి. మన కన్ను దానికి అలవాటు పడిపోతుంది కాబట్టి గమనించం. ఫొటోలో తెల్ల పింగాణీ పళ్ళెం అంచు చూస్తే లేత పచ్చగా ఉంది. పచ్చ పడితే ఎరుపు చచ్చి మట్టి రంగులోకి దిగుతుంది. ఇక ఫోన్ తనంతట తాను ఆ పచ్చని సరిదిద్దబోయిన ఫొటోల్లో గులాబీ ఎక్కువై, పచ్చడి బీట్‌రూట్ కూరలా వచ్చింది. ఒకే పళ్ళెం, ఒకే చోటు, నిమిషం తేడాలో రెండు రంగులు. అప్పట్నుంచి ఏ చోటైనా పచ్చడి పెట్టేముందు ఒక తెల్లకాగితం పెట్టి ఫొటో తీసి, అది తెల్లగా వచ్చిందా లేదా చూడందే పని మొదలుపెట్టం.

కుదిరిన పద్ధతి

ఇంట్లో ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది ఒకటి దొరికింది. అటువైపు తోట లేదు, ధాన్యం ఆరబోసుకునే ఖాళీ కళ్ళం ఉంది. చలికాలంలో ఉత్తరపు కిటికీలోంచి పడేది ఆకాశం వెలుతురే తప్ప నేరు ఎండ కాదు కాబట్టి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పెద్దగా మారదు. కిటికీకి ఉతికిన పాత తెల్లపంచె ఒక పొరగా కట్టాం. ట్యూబులైటు ఆర్పేశాం. ఇది చాలామంది వదిలేసే అడుగు. కిటికీ వెలుతురు ఒక రంగు, ట్యూబులైటు ఒక రంగు. రెండూ కలిస్తే పళ్ళేనికి ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా వస్తుంది, దాన్ని ఎడిటింగ్‌లో కూడా విడదీయలేం. గదికి ఆకుపచ్చ రంగు తలుపు ఉంటే దాని మీద తెల్లదుప్పటి కప్పాం. నేల ఎర్ర గచ్చు, దాని మీద టేబుల్ వేసి తెల్ల చార్ట్ పరిచాం. కిటికీకి ఎదురు వైపు ఒక థర్మోకోల్ షీట్ నిలబెడితే నీడ పక్క కాస్త తేలికైంది.

పచ్చడి దగ్గర మాత్రం నేను ఒక నియమం పెట్టాను. ఫొటోకని విడిగా ఏమీ చెయ్యకూడదు. జాడీ పైభాగంలో నూనె ఎక్కువ, అడుగున పిండి ఎక్కువ. అందుకని రోజూ ఎలా కలిపి తీస్తారో అలాగే తీసి, పంపే సీసాలోకే ఎత్తి, మూత బిగించి, రెండు రోజులు అటూ ఇటూ తిప్పుతూ ఉంచమన్నాను. పార్సిల్ ప్రయాణంలో జరిగేది అదే. తర్వాత ఆ సీసా మూత తీసి, అందులోంచి పళ్ళెంలోకి వేసిందే ఫొటో. పైన నూనె పోయడం, ముక్కలు ఏరి పైకి పెట్టడం వద్దు. సత్యవతిగారికి ఇది నచ్చలేదు. చుట్టానికి వడ్డించేటప్పుడు మంచి ముక్క చూసి వెయ్యమా అన్నారు. వడ్డన వేరు, ఇది అమ్మకం అని ఆవిడే కాసేపటికి అన్నారు.

ఫోన్ విషయంలో చేసినవి తక్కువే. పచ్చళ్ళు ముట్టుకున్న చేతులతో ఫోన్ పట్టుకుంటారు కాబట్టి లెన్స్ మీద నూనె వేలిముద్ర ఎప్పుడూ ఉంటుంది. ఫొటో మసకగా, మెరుపుల చుట్టూ పొగలా వచ్చేది దానివల్లే. మెత్తటి బట్టతో తుడిచాం. ఫుడ్ మోడ్, ఫిల్టర్లు తీసేశాం, అవి తరచు ఎరుపుని పెంచేస్తాయి. రెండింతల జూమ్ పెట్టి మూరెడు వెనక్కి జరిగాం, దాంతో ముక్కలు అసలు సైజుకి వచ్చాయి. పళ్ళెంలో రోజూ వాడే చెంచా ఒకటి పెట్టాం. ఇంకో ఫొటోలో సీసా సత్యవతిగారి చేతిలో ఉంది. పావుకిలో సీసా అంటే ఎంతో అక్షరాల్లో చదివితే తెలియదు గానీ, చేతిలో చూస్తే వెంటనే తెలుస్తుంది.

ఎరుపు ఒక్కటే కాస్త ఓపిక అడిగింది. బాగా ఎర్రటి వస్తువు తీసేటప్పుడు ఫోన్ మొత్తం వెలుతురు చూసుకుని ఫొటో ప్రకాశంగా తీస్తుంది. ఎరుపు మాత్రం నిండిపోయి, ముక్కకీ పిండికీ తేడా లేకుండా ఒకే ఎర్ర ముద్ద అయిపోతుంది. తెల్లపళ్ళెం మీద కాక పచ్చడి మీదే వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు అక్కడ లాక్ అవుతాయి. అప్పుడు వేలితో కిందికి లాగి వెలుతురు కొంచెం కొంచెం తగ్గిస్తూ పోవాలి. ఎంతవరకంటే, పిండిలో ఆవాల పలుకు, వెల్లుల్లి రెబ్బ అంచు విడిగా కనిపించేవరకు. ఆ పలుకు కనిపించిందంటే సరైన చోటికి వచ్చినట్టే.

నూనె మెరుపు పూర్తిగా పోకూడదు, పోతే పచ్చడి ఎండిపోయినట్టుంటుంది. కిటికీ వెలుతురు ఎదురుగా కాక పళ్ళేనికి వెనక పక్క నుంచి వచ్చేలా తిప్పాం. అప్పుడు ఉన్న కాస్త నూనే ముక్క అంచున సన్నటి గీతలా మెరిసింది. కొత్తగా నూనె పోయకుండానే ఆవిడకి కావలసిన నిగనిగ అక్కడ దొరికింది. ఆ ఫొటో చూసి ఆవిడ మొదటిసారి, "ఇది మా జాడీలోదేనండి" అన్నారు.

గాజు సీసా ఫొటోలో తీసే మనిషి, ఫోను అన్నీ కనిపిస్తాయి. నల్లగుడ్డ ముందు కట్టి, దానికి చేసిన చిన్న కన్నంలోంచి లెన్స్ పెట్టి తీస్తే అవన్నీ పోయాయి. సీసా వెనక లేబుల్ ఒక ఫొటో విడిగా తీశాం. ప్యాక్ చేసిన తేదీ, నికర బరువు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చదవగలిగేలా ఉందో లేదో పెద్దది చేసి చూసుకున్నాం.

సరిచూడటం, అసలు నిర్ణయం

ఫొటో తీసిన ఫోన్‌లోనే చూసి బాగుందనుకోవడం సరిపోదు. కొన్ని ఖరీదైన ఫోన్ల స్క్రీన్లు రంగుల్ని ఉన్నదానికంటే చిక్కగా చూపిస్తాయి. అందుకని ఆవిడ కొడుకు ఫోను, నా ఫోను, పక్కింటివాళ్ళ చౌక ఫోను, మూడిట్లో అదే ఫొటో తెరిచి పళ్ళెం పక్కన పెట్టాం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపుకున్నాం. ముందు కిటికీ దగ్గర చూశాం, తర్వాత రాత్రి వంటింట్లో ట్యూబులైటు కింద చూశాం. మూడు ఫోన్లలో మూడు ఎరుపులు కనిపించాయి. అన్నిట్లోనూ అచ్చంగా కలిసే ఫొటో ఉండదు. కాబట్టి, ఎరుపు అన్నిటికంటే ఎక్కువ చూపే ఫోన్‌లో కూడా పళ్ళెంలో ఉన్న పచ్చడి కంటే ఎర్రగా కనిపించని ఫొటోని ఎంచుకున్నాం. వచ్చిన సరుకు ఫొటో కంటే కాస్త బాగుంటే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. కాస్త తక్కువైతేనే "మోసం" అన్న మాట వస్తుంది.

ఇక్కడే సత్యవతిగారు ఆగారు. "ఇంత ముదురుగా ఉన్న ఫొటో పెడితే ఎవరు కొంటారండీ? పక్కన అందరివీ ఎర్రగా మెరిసిపోతుంటే!" ఆవిడ భయం ఉత్తది కాదు. ఫోన్ మీద వేలు జారుస్తూ పోయేవాళ్ళని ఆపేది ఎరుపే. ముదురు ఫొటో ఒక్కటే పెడితే పాతది అన్న అనుమానం కొనకముందే వస్తుంది, ఆర్డరే రాదు. రివ్యూ భయం పోయి అమ్మకం పోతే ఏం లాభం?

అందుకని పాత ఫొటోని పారెయ్యలేదు. బేసిన్ ఫొటోల్లోనే దూరం నుంచి తీసిన ఒకటి, ముక్కలు అసలు సైజులో ఉన్నది, వెతికి తీశాం. దాన్నీ కొత్తదాన్నీ ఒకే చట్రంలో పక్కపక్కన పెట్టాం. ఒకదాని కింద "మే నెలలో, కలిపిన వారంలో", రెండోదాని కింద "డిసెంబరులో, ఏడు నెలలు ఊరాక. ఇప్పుడు మీకు వచ్చేది ఇది" అని రాశాం. వివరాల్లో మొదటి వాక్యమే సత్యవతిగారి మాటల్లో పెట్టాం: ఊరిన ఆవకాయ ముదురు రంగులో ఉంటుంది, నూనె ముక్క పట్టేస్తుంది, ఎర్రటి కొత్తావకాయే కావాలంటే మే, జూన్ నెలల్లో ఆర్డరు పెట్టండి. రివ్యూ రాసినాయన "పాతది" అన్నది ఎందుకంటే ఆయనకి ఫొటో వయసు తెలియదు. వయసు పక్కనే రాసి ఉంటే అదే ముదురు రంగు ఊరిన గుర్తుగా కనిపిస్తుంది.

రివ్యూకి జవాబు అప్పుడు రాశాం, అంతకుముందు రాయలేదు. కోపంలో ఆవిడ రాసుకున్నది ఆవకాయ శాస్త్రం మీద పెద్ద పాఠం. అందులో ప్రతి మాటా నిజమే, కానీ అది చదివే కొత్తవాళ్ళకి కనిపించేది కొన్నవాడితో గొడవపడే మనిషి. పెట్టిన జవాబు నాలుగు వాక్యాలు: మీరన్నది నిజమండి, ఆ ఫొటో మే నెలది. మీకు వచ్చింది అదే పచ్చడి, ఆరు నెలలు ఊరింది. ఈ తేడా ముందే చెప్పాల్సింది. ఇప్పుడు ఫొటోలు మార్చాం, చూడండి. ఆయన రివ్యూ మార్చలేదు, చుక్క పెంచలేదు. మేం అడగలేదు కూడా.

తర్వాత

మొదటి కొన్ని వారాలు కొత్తవాళ్ళ ఆర్డర్లు తగ్గాయి. సత్యవతిగారు రెండుసార్లు పాత ఫొటోలు పెట్టేద్దామన్నారు. సంక్రాంతి దగ్గరపడ్డాక మళ్ళీ పుంజుకున్నాయి. అది ఫొటోల గొప్పో, పండగ గొప్పో విడదీసి చెప్పడం కుదరదు. అసలు ఒకేసారి ఫొటోలూ మారాయి, రాతలూ మారాయి. చెప్పగలిగింది ఒకటే. రంగు, నూనె, ముక్క సైజు మీద ఫిర్యాదు ఆ సీజను అయిపోయేదాకా ఇంకొకటి రాలేదు, "నూనె తేలుతుందా" అన్న ప్రశ్న ఆగింది. దాని బదులు "మే నెల ఆర్డర్లు ఎప్పుడు తీసుకుంటారు?" అని అడగడం మొదలైంది. ఆ ప్రశ్న అంతకుముందు ఆవిడకి ఎవరూ వెయ్యలేదు.

మరుసటి వేసవిలో ఆవిడే ఒక అలవాటు చేసుకున్నారు. అదే కిటికీ, అదే పళ్ళెం, అదే చెంచా. కలిపిన వారంలో ఒక ఫొటో, ఆగస్టులో ఒకటి, దీపావళికి ఒకటి. పళ్ళెమూ చెంచా మారకపోతే రంగు ఎంత మారిందో చూసేవాళ్ళకి దానంతటదే తెలుస్తుంది. లిస్టింగులో మొదటి ఫొటో ఎప్పుడూ ఆ రోజుల్లో జాడీలో ఉన్న వయసుదే.

ఇదే పద్ధతి అన్ని పచ్చళ్ళకీ ఉన్నది ఉన్నట్టు పనికిరాదు. మాగాయకి సరిపోయింది, ఎందుకంటే ఎండబెట్టిన ముక్క మొదటి నుంచీ ముదురే, నెలల తేడా అంతగా కనిపించదు. గోంగూర దగ్గర చిక్కొచ్చింది. అది దాదాపు నలుపు. తెర నిండా ముదురు రంగే ఉంటే ఫోన్ చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, పచ్చడి బూడిద రంగులో, పాచిపట్టినట్టు వస్తుంది. అక్కడ కూడా వెలుతురు కిందికే లాగాలి, ఆవకాయ కంటే ఎక్కువగా. తెల్లపళ్ళెం పక్కన మరీ నల్లగా అనిపిస్తే వేడన్నంలో కలిపిన ముద్ద ఒకటి పక్కన పెడతాం. అన్నానికి పట్టినప్పుడే దాని ఆకుపచ్చ బయటపడుతుంది. రొయ్యల పచ్చడి మాత్రం సత్యవతిగారు ఇంకా ఆన్‌లైన్‌లో పెట్టలేదు. రొయ్య సైజు ప్రతి సరుకుకీ మారుతుంది కాబట్టి, ఏ సరుకుకి ఆ సరుకు ఫొటో తీసి పెట్టగలిగినప్పుడే పెడతానంటున్నారు.